హావర్‌సైన్ 30.02 కి.మీ. అంటోంది, క్యూజీఐఎస్ 29.88 అంటోంది: బిల్లు దేని ప్రకారం?

రవికిరణ్_నల్గొండ

అందరికీ నమస్కారం. ఒక డెయిరీకి రవాణా బిల్లుల ప్రోగ్రాం చూస్తుంటాను. పల్లెల్లోని సేకరణ కేంద్రాల నుంచి చిల్లింగ్ సెంటర్‌కి పాలు తెచ్చే వ్యాన్లకు రేటు స్లాబుల్లో ఉంటుంది. 30 కిలోమీటర్ల లోపు అయితే ఒక రేటు, 30 దాటితే కాస్త ఎక్కువ. అగ్రిమెంటులో "ఏరియల్ దూరం" అని మాత్రమే రాసుంది, దాన్ని ఎలా లెక్కకట్టాలో ఎక్కడా లేదు.

ప్రోగ్రాంలో ఉన్నది రెండు పాయింట్ల మధ్య దూరానికి అందరూ వాడే హావర్‌సైన్ సూత్రమే:

```python
from math import radians, sin, cos, asin, sqrt

def haversine(lat1, lon1, lat2, lon2, R=6371.0):
    p1, p2 = radians(lat1), radians(lat2)
    dp, dl = p2 - p1, radians(lon2 - lon1)
    h = sin(dp/2)**2 + cos(p1)*cos(p2)*sin(dl/2)**2
    return 2 * R * asin(sqrt(h))
```

రెండు ఊళ్ల దగ్గర గొడవ మొదలైంది. అసలు లొకేషన్లు ఇక్కడ పెట్టడం బాగోదు కాబట్టి గుండ్రటి అంకెలుగా మార్చి ఇస్తున్నాను, తేడాలు మాత్రం దాదాపు అవే. సెంటర్ `16.9000, 79.6000`. ఒక ఊరు దానికి సరిగ్గా ఉత్తరాన `17.1700, 79.6000`. ఇంకో ఊరు తూర్పున `16.9000, 79.8818`.

మా ప్రోగ్రాంలో ఉత్తరం ఊరు 30.023, తూర్పు ఊరు 29.981. అంటే ఉత్తరం వ్యానుకు ఎక్కువ రేటు, తూర్పు వ్యానుకు తక్కువ రేటు. తూర్పు ఓనరు వాళ్లబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడట, క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొలిచి స్క్రీన్‌షాట్ పంపాడు. అందులో ఉత్తరం ఊరు 29.881, తూర్పు ఊరు 30.024. పూర్తిగా తలకిందులు! అకౌంట్స్ వాళ్లు నా మీద పడ్డారు. ఏది కరెక్టో, ఎందుకు ఇలా వస్తోందో చెప్పండి.

మన్యం_బాబు

బ్రో, ఏరియల్ దూరంతో పనేంటి అసలు? వ్యాను గాల్లో ఎగరదు కదా. ఓఎస్ఆర్ఎం సర్వర్ ఒకటి పెట్టుకో, ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ డేటా ఎక్కించు, రోడ్డు దూరం వచ్చేస్తుంది. మా దగ్గర ఘాట్ రోడ్డులో ఏరియల్ 9 కిలోమీటర్లు ఉంటే రోడ్డు మీద 20 దాటుతుంది. దానికి నువ్వు 140 మీటర్ల గురించి బాధపడుతున్నావు.

రవికిరణ్_నల్గొండ

నిజమే అన్నా, నేనూ అదే చెప్పాను. కానీ అగ్రిమెంటు రాసేసుకున్నారు, వచ్చే ఏడాది దాకా మార్చరట. ప్రస్తుతం నాకు కావాల్సింది సరళరేఖ దూరమే.

కోడ్_కోతి

ఇది చాలా సింపుల్. హావర్‌సైన్ భూమిని బంతి అనుకుంటుంది. భూమి బంతి కాదు, మధ్యలో ఉబ్బి, ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉంటుంది. నువ్వు పెట్టిన 6371 సగటు వ్యాసార్థం. మన అక్షాంశం దగ్గర భూకేంద్రం నుంచి దూరం అంతకంటే ఎక్కువ. 17 డిగ్రీల దగ్గర లెక్కేస్తే 6376.3 వస్తుంది. `R=6376.3` పెట్టేయ్, సమస్య తీరిపోతుంది. కొత్త లైబ్రరీలేమీ అక్కర్లేదు.

రవికిరణ్_నల్గొండ

ఇప్పుడే పెట్టి చూశాను. తూర్పు ఊరు 30.006 అయింది, క్యూజీఐఎస్ వైపు కాస్త జరిగింది. కానీ ఉత్తరం ఊరు 30.048 అయింది. అంటే ఇంకా దూరం పోయింది. ఇదేంటి?

కోడ్_కోతి

ఇంకోసారి చూడు, రేడియన్లలోకి మార్చడం ఎక్కడైనా మిస్సయిందేమో.

లక్ష్మి_జీఐఎస్

రేడియన్ల తప్పు కాదండీ. కోతి గారు భూమి ఆకారం గురించి చెప్పింది నిజమే. కానీ కేంద్రం నుంచి ఎంత దూరంలో ఉన్నామన్నదానికి ఇక్కడ పని లేదు. మనం నడిచే దిశలో నేల ఎంత వంపు తిరిగి ఉందన్నదే లెక్క. ఆ వంపుకు సరిపోయే వృత్తం వ్యాసార్థం కావాలి. అది ఉత్తర దక్షిణాలుగా ఒకటి, తూర్పు పడమరలుగా ఇంకొకటి.

కాస్త నిదానంగా చూద్దాం. జీపీఎస్ ఇచ్చే అక్షాంశం భూకేంద్రం దగ్గర కొలిచిన కోణం కాదు. మీరు నిలబడ్డ చోట ఆ నొక్కుకుపోయిన బంతి ఆకారానికి, అంటే ఎలిప్సాయిడ్ ఉపరితలానికి లంబంగా గీత గీస్తే, అది భూమధ్యరేఖ తలంతో చేసే కోణం. ఉత్తరానికి నడుస్తూ పోతే ఆ లంబం దిశ మారుతుంటుంది, అది ఒక డిగ్రీ తిరగ్గానే ఒక డిగ్రీ అక్షాంశం దాటినట్టు. భూమధ్యరేఖ దగ్గర ఉత్తర దక్షిణ దిశలో వంపు ఎక్కువ కాబట్టి లంబం త్వరగా తిరుగుతుంది, తక్కువ దూరంలోనే డిగ్రీ పూర్తవుతుంది. ధ్రువాల దగ్గర నేల చదునుగా ఉండటం వల్ల అదే డిగ్రీకి ఎక్కువ నడవాలి. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84 ఎలిప్సాయిడ్ ప్రకారం భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం 110.57 కిలోమీటర్లు, ధ్రువం దగ్గర 111.69.

రవి గారి సెంటర్ దగ్గర ఉత్తర దక్షిణ దిశలో ఆ వ్యాసార్థం దాదాపు 6340.9 కిలోమీటర్లు. తూర్పు పడమర దిశలో 6379.9. హావర్‌సైన్ రెండింటికీ 6371 వాడేస్తుంది. ఉత్తరం ఊరికి 0.27 డిగ్రీల తేడా ఉంది, రేడియన్లలో 0.00471239. దాన్ని 6340.9తో గుణించండి, 29.881 వస్తుంది. 6371తో గుణించండి, 30.023 వస్తుంది. క్యూజీఐఎస్‌కీ మీ ప్రోగ్రాంకీ ఉన్న 142 మీటర్ల తేడా మొత్తం ఇదే.

తూర్పు ఊరికి అసలు వ్యాసార్థం 6371 కంటే పెద్దది, కాబట్టి అక్కడ హావర్‌సైన్ తక్కువ చూపిస్తుంది, 42 మీటర్లు. ఒక దిక్కున ఎక్కువ, ఇంకో దిక్కున తక్కువ. R విలువ ఏది పెట్టినా ఒక ఊరు సరిపోతే ఇంకో ఊరు చెడుతుంది. అందుకే 6376.3 పెట్టగానే ఉత్తరం ఊరు ఇంకా పాడైంది.

కోడ్_కోతి

ఓకే, కేంద్రం నుంచి దూరానికీ వంపు వ్యాసార్థానికీ తేడా ఉందని ఒప్పుకుంటా. కానీ మొత్తానికి తేడా 0.5 శాతం లోపే కదా. అందరికీ ఒకేలా తప్పు వస్తుంది కాబట్టి పోల్చుకోవడానికి ఇబ్బందేమీ ఉండదు. దగ్గరి హోటల్, దగ్గరి ఏటీఎం వెతికే యాప్స్ అన్నీ హావర్‌సైన్‌తోనే నడుస్తున్నాయి.

లక్ష్మి_జీఐఎస్

"అందరికీ ఒకేలా" అన్నదే కుదరదు. మన దగ్గర ఉత్తరానికి దాదాపు 0.47 శాతం ఎక్కువ, తూర్పుకు 0.14 శాతం తక్కువ. ఈ రెండూ కలిపితే 0.6 శాతం. ఉత్తరాన కచ్చితంగా 10.00 కిలోమీటర్లలో ఒక షాపు, తూర్పున 10.05లో ఇంకోటి ఉన్నాయనుకోండి. హావర్‌సైన్ మొదటిదాన్ని 10.047 అంటుంది, రెండోదాన్ని 10.036 అంటుంది. అంటే దూరంగా ఉన్న షాపు ముందొస్తుంది. రవి గారి రెండు ఊళ్లకు జరిగింది ఇదే.

బిర్యానీ ఆర్డర్‌కి ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవాల్సిన పనీ లేదు. 30 అనే గీత గీసి డబ్బులు కట్టేటప్పుడే ఇది బయటపడుతుంది.

మన అక్షాంశాల దగ్గర ఈ తప్పు ఉత్తర దక్షిణాల్లో గరిష్ఠానికి దగ్గరగా ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర 0.56 శాతం. పైకి పోయేకొద్దీ తగ్గి, 48 డిగ్రీల దగ్గర సున్నా అవుతుంది, అది దాటితే గుర్తు మారుతుంది. యూరప్‌లో కూర్చుని ఉత్తర దక్షిణ దూరాలు టెస్ట్ చేసిన వాళ్లకి "హావర్‌సైన్ భలే సరిపోయింది" అనిపించడంలో వింతేం లేదు.

డల్లాస్_ప్రసాద్

ఎలిప్సాయిడ్ పద్ధతికి వెళ్తే ఒక జాగ్రత్త. మా ఆఫీసులో ఓడల ట్రాకింగ్ పని ఉంది. పాత కోడ్‌లో విన్సెంటీ సూత్రం రాసుంది, 1975 నాటిది. మామూలుగా బంగారంలా పనిచేస్తుంది, అర మిల్లీమీటరు తేడాతో దూరం చెబుతుంది. కానీ అది సమాధానం దగ్గరికి మెల్లమెల్లగా చేరే లూపు. రెండు పాయింట్లు భూగోళానికి దాదాపు ఎదురెదురుగా ఉంటే ఆ లూపు తేలదు. ఒకసారి ఎవరో ర్యాండమ్ పాయింట్లతో టెస్ట్ డేటా చేస్తే రాత్రి జాబ్ తెల్లారేదాకా అలాగే తిరుగుతూ కూర్చుంది.

కావాలంటే `0, 0` నుంచి `0.5, 179.7` దాకా పెట్టి చూడండి. అసలు దూరం 19,944.127 కిలోమీటర్లు. విన్సెంటీకి దొరకదు. అదే 179.5 పెడితే దొరుకుతుంది గానీ, నూటికి పైగా చుట్లు తిరిగాకే.

కాబట్టి విన్సెంటీ వద్దు. కార్నీ 2013లో ప్రచురించిన పద్ధతి ఎక్కడా ఆగిపోదు, జియోగ్రఫిక్‌లిబ్‌లో ఉంది. జియోపై లైబ్రరీ 2.0 నుంచి విన్సెంటీని తీసేసి దాన్నే పెట్టింది.

రవికిరణ్_నల్గొండ

ప్రసాద్ గారూ, మా పాల వ్యాన్లు అంత దూరం పోవండీ :)

డల్లాస్_ప్రసాద్

హైదరాబాద్‌కి సరిగ్గా ఎదురు పాయింటు పసిఫిక్ మహాసముద్రం మధ్యలో పడుతుంది, అక్కడ పాలు ఎవరూ పోయరు, నిజమే. కానీ ఆ ఫంక్షన్‌ని రేపు ఇంకెవరో ఇంకో ప్రోగ్రాంలోకి కాపీ చేస్తారు. మా దగ్గర జరిగింది అదే.

లక్ష్మి_జీఐఎస్

కార్నీ పద్ధతి వాడటానికి పైథాన్‌లో మూడు లైన్లు చాలు. పైప్రోజ్‌లో కూడా లోపల అదే నడుస్తుంది:

```python
from pyproj import Geod
g = Geod(ellps="WGS84")
_, _, d = g.inv(79.6, 16.9, 79.6, 17.17)
```

`d` మీటర్లలో వస్తుంది, 29880.8 దగ్గర చూపించాలి. ఇందులో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం. జియోపైలో దీనికి రివర్స్, ముందు అక్షాంశం. అందరూ జారేది ఇక్కడే. మన వాళ్లు మరీ ఎక్కువగా జారతారు, దానికో కారణం ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల రేఖాంశాలు 76 నుంచి 85 మధ్యలో ఉంటాయి, అంటే 90 కంటే తక్కువ. పొరపాటున అటూ ఇటూ అయినా అది చెల్లే అక్షాంశమే కాబట్టి ఏ లైబ్రరీ ఎర్రర్ ఇవ్వదు. నిశ్శబ్దంగా తప్పు జవాబు ఇస్తుంది.

రవి గారి పాయింట్లనే తిరగేస్తే మనం 79.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 17 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర తేలతాం. అది నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్. అక్కడ ఉత్తరం ఊరి దూరం 5.4 కిలోమీటర్లు అయిపోతుంది, చూడగానే పట్టుకోవచ్చు. తూర్పు ఊరు మాత్రం 31.5 వస్తుంది. 30.02 రావాల్సిన చోట 31.5 వస్తే ఎవరికి అనుమానం వస్తుంది? అందుకే ఒక్క జంటతో టెస్ట్ చేసి సరే అనుకోవద్దు. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, రెండు జంటలు పెట్టుకోండి. 17 నుంచి 18 డిగ్రీలకు 78.5 రేఖాంశం మీద 110.675 కిలోమీటర్లు రావాలి. 17.5 అక్షాంశం మీద 78 నుంచి 79కి 106.199 రావాలి. హావర్‌సైన్ అయితే ఇవే 111.195, 106.048 అవుతాయి. ఏ ఫంక్షన్ చేతికిచ్చినా ఈ నాలుగు అంకెలు చూస్తే లోపల ఏముందో తెలిసిపోతుంది.

రవికిరణ్_నల్గొండ

సూపర్ అండీ. మా డేటా అంతా మైఎస్‌క్యూఎల్‌లో ఉంది. రిపోర్టుల్లో `ST_Distance_Sphere` వాడుతున్నారు. అది కూడా హావర్‌సైన్ లాంటిదేనా?

లక్ష్మి_జీఐఎస్

పేరులోనే ఉంది కదా, అది గోళమే. వ్యాసార్థం మీరు ఇవ్వకపోతే 6370986 మీటర్లు తీసుకుంటుంది, అంటే మీ పైథాన్ ఫంక్షన్ ఇచ్చిన అంకెలే వస్తాయి. మైఎస్‌క్యూఎల్ 8 అయితే మామూలు `ST_Distance`కి ఎస్ఆర్ఐడీ 4326 ఉన్న పాయింట్లు ఇవ్వండి, ఎలిప్సాయిడ్ మీదే లెక్కిస్తుంది:

```sql
SELECT ST_Distance(
  ST_GeomFromText('POINT(16.9 79.6)', 4326),
  ST_GeomFromText('POINT(17.17 79.6)', 4326));
```

ఇక్కడ మళ్లీ అక్షాంశం ముందు. ఎస్ఆర్ఐడీ లేకుండా దాచిన పాత పాయింట్లలో మీవాళ్లు రేఖాంశం ముందు పెట్టి ఉంటారు, ఒకసారి చూసుకోండి. పోస్ట్‌జీఐఎస్‌లో `geography` టైప్ వాడితే ఎలిప్సాయిడ్ దానంతట అదే వస్తుంది.

కోడ్_కోతి

లక్షల రికార్డుల మీద ఇదంతా నడిపితే సర్వర్ చచ్చిపోతుంది. హావర్‌సైన్ ఎందుకు బతికుందంటే అది ఫాస్ట్.

లక్ష్మి_జీఐఎస్

లక్షల్లో ఉంటే ముందు హావర్‌సైన్‌తో వడకట్టండి, అభ్యంతరం లేదు. 30 కావాలంటే 29.5 నుంచి 30.5 మధ్య వచ్చినవాటినే ఎలిప్సాయిడ్‌తో మళ్లీ కొలవండి. హావర్‌సైన్ తప్పు ఎక్కడైనా 0.6 శాతం లోపే కాబట్టి ఆ అరకిలోమీటరు సరిపోతుంది.

ఇంత చిన్న దూరాలకు లైబ్రరీ కూడా లేకుండా పని జరిగిపోతుంది. నేను పైన చెప్పిన రెండు వ్యాసార్థాలను మధ్య అక్షాంశం దగ్గర లెక్కేసి, నేలను చదును అనుకుని కర్ణం తీయడమే:

```python
from math import radians, sin, cos, hypot

def duram(lat1, lon1, lat2, lon2):
    a, e2 = 6378137.0, 0.00669437999014
    m = radians((lat1 + lat2) / 2)
    w = 1 - e2 * sin(m)**2
    dy = a*(1 - e2)/w**1.5 * radians(lat2 - lat1)
    dx = a/w**0.5 * cos(m) * radians(lon2 - lon1)
    return hypot(dx, dy)
```

మన అక్షాంశాల దగ్గర 30 కిలోమీటర్లకు ఇది అసలు దూరం నుంచి కొన్ని సెంటీమీటర్లు మాత్రమే తప్పుతుంది. హావర్‌సైన్ కంటే బరువేమీ కాదు. వేల కిలోమీటర్లకు మాత్రం వాడొద్దు, అక్కడ నేల చదును అనుకోవడం కుదరదు.

సర్వేయర్_తాత

నేను ఆలస్యంగా చూశాను. ముప్పై ఏళ్లకు పైగా గొలుసు, థియోడొలైట్, టోటల్ స్టేషన్, డీజీపీఎస్ అన్నీ మోసినవాణ్ణి. అమ్మాయి చెప్పిన లెక్క బాగుంది. మా వాళ్లయితే పాయింట్లను యూటీఎంలోకి, అంటే జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే చదును మ్యాపులోకి మార్చి పైథాగరస్ కొట్టేస్తారు. రవి పాయింట్లు జోన్ 44లో పడతాయి. అలా చేస్తే ఉత్తరం ఊరు 29.877 వస్తుంది.

రవికిరణ్_నల్గొండ

తాతగారూ, 29.881 రావాలి కదా? నాలుగు మీటర్లు ఎక్కడ పోయాయి?

సర్వేయర్_తాత

ఎక్కడికీ పోలేదు నాయనా. గుండ్రటి నేలను కాగితం మీద పరిస్తే స్కేలు అన్ని చోట్లా ఒకటే ఉండదు. యూటీఎంలో జోన్ మధ్య రేఖ మీద స్కేలు 0.9996 అని ముందే కావాలని తగ్గించి పెట్టారు. జోన్ 44కి మధ్య రేఖ 81 డిగ్రీలు. విజయవాడ దానికి దగ్గర, అక్కడ కిలోమీటరుకు దాదాపు 40 సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది. హైదరాబాద్ అంచున ఉంది, అక్కడ దాదాపు అర మీటరు ఎక్కువ చూపిస్తుంది. నీ సెంటర్ ఈ రెండింటికీ నడుమ, అందుకే నాలుగు మీటర్లు తగ్గింది. స్కేల్ ఫ్యాక్టర్‌తో భాగిస్తే అసలు దూరం వచ్చేస్తుంది. కొత్త కుర్రాళ్లు ఇది మర్చిపోయి టోటల్ స్టేషన్ కొలతకీ మ్యాపు కొలతకీ పొంతన లేదని నాకు ఫోన్ చేస్తుంటారు.

ఇంకో చిక్కు, 78 డిగ్రీల దగ్గర జోన్ మారిపోతుంది. మహబూబ్‌నగర్ వైపు ఒక ఊరు జోన్ 43లో, పక్క ఊరు 44లో ఉంటాయి. రెండు జోన్ల అంకెలు కలిపి తీసివేతలు చేస్తే వందల కిలోమీటర్లు వస్తాయి. మన సర్వే చరిత్రలో ఆ 78 డిగ్రీల రేఖ మామూలుది కాదు. లాంబ్టన్, ఎవరెస్ట్ దొరలు దక్షిణం నుంచి హిమాలయాల దాకా కొలుచుకుపోయిన మహా చాపం దాదాపు దాని వెంటే సాగింది. ఎవరెస్ట్ ఆ పనిలో చేరింది 1818లో, హైదరాబాద్ వచ్చే. ఇక్కడ డిగ్రీ పొట్టి, పైకి పోతే పొడుగు అన్న సంగతిని వాళ్లు మన నేల మీద గొలుసులతో కొలిచి లెక్కలో పెట్టారు. ఆ లెక్కతో చేసిన ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ మీదే మన పాత టోపో షీట్లన్నీ ఉన్నాయి. రవీ, నీ ఊళ్ల అంకెలు పాత షీటు మీంచి తీసినవా, ఫోన్‌తో తీసినవా? పాత షీటు అంకెలను జీపీఎస్ అంకెలతో కలిపితే వంద మీటర్లకు పైగా జరగొచ్చు.

రవికిరణ్_నల్గొండ

ఫోన్‌తోనే తాతగారూ. సూపర్‌వైజర్లు ఊరెళ్లి లొకేషన్ పంపారు.

సర్వేయర్_తాత

ఊళ్లో ఎక్కడ నిలబడి?

రవికిరణ్_నల్గొండ

అది... అడిగాను. ఉత్తరం ఊళ్లో సేకరణ కేంద్రం గుమ్మం దగ్గరే తీశారు. తూర్పు ఊళ్లో పంచాయతీ ఆఫీసు దగ్గర తీశారట, కేంద్రం దానికి ఇంకాస్త లోపలికి, పడమటి వైపు ఉందట.

సర్వేయర్_తాత

మరి చూశావా. తూర్పు ఊరు ఎలిప్సాయిడ్ మీద 30.024. అంటే గీత దాటింది 24 మీటర్లు మాత్రమే. కేంద్రం పడమటికి వంద అడుగులు జరిగి ఉన్నా ఊరు మళ్లీ 30 లోపలికి వచ్చేస్తుంది. సూత్రం ఏదైనా సరే, పాయింటు తేలకుండా ఆ ఊరి సంగతి తేలదు. ఉత్తరం ఊరు అలా కాదు. అక్కడ గీతకు 119 మీటర్ల ఖాళీ ఉంది, ఫోన్ జీపీఎస్ అయిదు పది మీటర్లు తప్పినా జవాబు మారదు. అది 30 లోపే.

మన్యం_బాబు

అంటే ఇప్పుడు ఉత్తరం ఊరి వ్యాను ఓనరుకు ఇన్నాళ్లూ ఎక్కువ ఇచ్చినట్టా? వెనక్కి తీసుకుంటారా? మా దగ్గరైతే పెద్ద పంచాయితీ అయ్యేది.

కోడ్_కోతి

అగ్రిమెంటులో "ఏరియల్ దూరం" అని ఉంది గానీ "డబ్ల్యూజీఎస్84 ఎలిప్సాయిడ్ మీద" అని లేదు కదా. సంతకం పెట్టిన రోజు నుంచి ప్రోగ్రాంలో ఉన్నది హావర్‌సైన్. ఇద్దరు ఓనర్లూ ఆ బిల్లులే తీసుకున్నారు. నా లెక్కలో అదే ఒప్పందం. మధ్యలో పద్ధతి మారిస్తే ఉత్తరం ఓనరు కోర్టుకు పోతే ఏం చెబుతారు?

లక్ష్మి_జీఐఎస్

దూరం ఎంత అన్నది ఒక ప్రశ్న, ఒప్పందం ఏంటన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు ఉంది. రెండోది నా పరిధి కాదు. కానీ నా అభిప్రాయం, ఇద్దరు మనుషులు "ఏరియల్ దూరం" అని రాసుకుంటే నేల మీద ఉన్న దూరం అనే అర్థం చేసుకుంటారు, మన ప్రోగ్రాంలోని R విలువని కాదు.

ఇలాంటి తగాదాలు రాకుండా కొన్నిచోట్ల లెక్కే నిబంధనల్లో రాసేస్తారు. అమెరికాలో రేడియో స్టేషన్ల మధ్య దూరం ఎంత ఉండాలో చెప్పే ఎఫ్‌సీసీ నిబంధనల్లో, 475 కిలోమీటర్ల దాకా దూరం కొలవడానికి వాడాల్సిన సూత్రం అంకెలతో సహా అచ్చయి ఉంది. అది నేను పైన ఇచ్చిన `duram` కోవలోదే, మధ్య అక్షాంశం దగ్గర డిగ్రీకి ఎన్ని కిలోమీటర్లో లెక్కేసి కర్ణం తీయడం.

డల్లాస్_ప్రసాద్

కోతి గారి పాయింట్‌ని అంత తేలిగ్గా తీసేయలేం. మా క్లయింట్ల కాంట్రాక్టుల్లో కొన్నింట్లో "గ్రేట్ సర్కిల్ డిస్టెన్స్" అని ఉంటుంది. అక్కడ గోళం లెక్కే ఒప్పందం, కార్నీతో కొలిస్తేనే తప్పు. కాబట్టి ఏ మాట రాశారన్నది చూడాల్సిందే. "ఏరియల్" అన్న మాటకి మాత్రం అలాంటి స్థిరమైన అర్థం నాకు తెలిసి లేదు.

ఇంకోటి, గూగుల్ మ్యాప్స్ జావాస్క్రిప్ట్ లైబ్రరీలోని `computeDistanceBetween`తో సరిచూసుకుందాం అనుకుంటే ఆగండి. అది కూడా గోళమే, పైగా R=6378137 తీసుకుంటుంది. మన దగ్గర తూర్పు పడమరలకు దాదాపు సరిపోతుంది గానీ, ఉత్తర దక్షిణాలకు మీ 6371 కంటే ఎక్కువ తప్పు చూపిస్తుంది. తూర్పు ఊరిని దాంతో కొలిచి "సరిపోయింది" అనుకుంటే ఉత్తరం ఊరి దగ్గర మునుగుతారు.

రవికిరణ్_నల్గొండ

అందరికీ చాలా థ్యాంక్స్. పాత బిల్లుల సంగతి మేనేజ్‌మెంట్‌కే వదిలేశాను, వాళ్లలో వాళ్లకే ఇంకా ఏకాభిప్రాయం లేదు. ప్రోగ్రాం వరకు పైప్రోజ్‌కి మారుస్తున్నాను, లక్ష్మి గారి నాలుగు అంకెలూ టెస్టులో పెట్టేశాను. తూర్పు ఊరికి సూపర్‌వైజర్‌ని మళ్లీ పంపుతున్నాం. తాతగారూ, ఫోన్‌లో లొకేషన్ తీసేటప్పుడు ఏమైనా జాగ్రత్తలు చెప్పాలా అతనికి?

సర్వేయర్_తాత

రేకుల షెడ్డు కింద నిలబడొద్దను. బయట ఆకాశం కనబడే చోట, కేంద్రం గుమ్మానికి ఎదురుగా నిలబడి, కనీసం అయిదు నిమిషాలు ఆగాక తీయమను. కాసేపాగి ఇంకోసారి, వీలైతే మర్నాడు ఇంకోసారి తీసి సగటు కట్టండి. దశాంశం తర్వాత అయిదు అంకెలైనా ఉండాలి, నాలుగే రాస్తే పది మీటర్ల దాకా అక్కడే కొట్టుకుపోతాయి. నీకున్న ఖాళీయే 24 మీటర్లు. ఇంకో మాట, చిల్లింగ్ సెంటర్‌లో పాయింటు ఎక్కడ తీశారు? గేటు దగ్గరా, పాలు దించే ప్లాట్‌ఫాం దగ్గరా? అదీ కనుక్కో. ఆ ఒక్క పాయింటు జరిగితే నీ లిస్టులో ఉన్న ఊళ్లన్నిటి దూరాలూ జరుగుతాయి.

రవికిరణ్_నల్గొండ

గేటు దగ్గర తీశారు తాతగారూ. ప్లాట్‌ఫాం లోపల వెనకాల ఉంది. రేపు అది కూడా తీయిస్తాను.